ఉదయం ఇంటర్ పరీక్ష, మధ్యాహ్నం నీట్ - మధ్యలో మీ నిద్ర

అక్టోబరు దాటిందంటే చాలు, ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం బై.పి.సి. చదివే పిల్లలు మా ప్రభుత్వాసుపత్రి ఓ.పి.లో ఎక్కువగా కనిపిస్తారు. తలనొప్పి, కళ్లమంటలు, కడుపులో మంట, ఆకలి లేకపోవడం, చదివినది గుర్తు ఉండకపోవడం - చెప్పుకునే బాధలు దాదాపు ఇవే. వెంట వచ్చిన తల్లో తండ్రో “జ్ఞాపకశక్తికి మంచి టానిక్కు రాయండి డాక్టరు గారూ” అని అడుగుతారు. అటువంటి టానిక్కు ఏదీ వైద్యశాస్త్రంలో లేదు. ఉన్నదల్లా నిద్ర, రక్తం, తిండి, వీటికి సరిపడే చదువు పద్ధతి. ఈ వారం ఆ పద్ధతి గురించే చెప్పుకుందాం.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. ఈ పిల్లలు రాయవలసినవి రెండు పరీక్షలు. పాఠాలు చాలావరకు ఒకటే అయినా, మెదడు నుంచి, ఒంటి నుంచి ఆ రెండు పరీక్షలు కోరేవి వేరు వేరు.

రెండు పరీక్షలు, రెండు రకాల పని

ఇంటర్ బోర్డు పరీక్ష ఉదయం 9 గంటల నుంచి 12 గంటల వరకు. అక్కడ జవాబు మీరే గుర్తు తెచ్చుకుని, వాక్యాలు కట్టి, బొమ్మ గీసి, భాగాలు గుర్తించి రాయాలి. నీట్ మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు. 2025 నుంచి అందులో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. భౌతికశాస్త్రంలో 45, రసాయనశాస్త్రంలో 45, జీవశాస్త్రంలో 90. అక్కడ రాసేదేమీ లేదు. నాలుగు జవాబుల్లో సరైనదానికి ఎదురుగా ఉన్న వృత్తాన్ని నింపడమే. సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పుకు 1 మార్కు పోతుంది.

ఎం.బి.బి.ఎస్. సీటుకు ర్యాంకు నీట్ మార్కుల మీదే ఇస్తారు. ఇంటర్ మార్కులు అందులో కలపరు. ఈ మాట విని చాలామంది పిల్లలు బోర్డు పరీక్షను తేలికగా తీసుకుంటారు. అది ప్రమాదం. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో పాటు ఇంగ్లీషులో కూడా పాసు కాకపోతే నీట్ ర్యాంకు ఎంత మంచిదైనా సీటు రాదు. నీట్‌లో లేదు కదా అని ఇంగ్లీషు పుస్తకం ఫిబ్రవరి దాకా తెరవని పిల్లలను నేను ఏటా చూస్తున్నాను. వారానికి రెండు సార్లు, ఒక్కో గంట చొప్పున భాషలకు కేటాయిస్తే ఆ భయం ఉండదు.

పాఠాలు కూడా అచ్చంగా ఒకటే అనుకోవద్దు. నీట్ పాఠ్యప్రణాళికను 2024 పరీక్షకు కొంత తగ్గించారు. మొక్కలలో రవాణా, ఖనిజ పోషణ, జీర్ణక్రియ - శోషణ అనే అధ్యాయాలను అప్పుడు తీసివేశారు. తెలంగాణలో 2024-25 పిల్లలు చదివిన తెలుగు అకాడమీ రెండవ సంవత్సరం పుస్తకాల్లో మాత్రం ఆ మూడూ ఉన్నాయి. అంటే అవి బోర్డుకు కావాలి, నీట్‌కు అక్కరలేదు. మరోవైపు పర్యావరణం, పుష్పించే మొక్కల ప్రత్యుత్పత్తి వంటివి ఆ పుస్తకాల్లో మొదటి సంవత్సరంలోనే అయిపోతాయి. బోర్డు పరీక్షలో మళ్లీ కనిపించవు గాని నీట్‌లో తప్పక వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి మొదటి సంవత్సరానికి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు పెట్టారు కాబట్టి అక్కడి పిల్లలకు ఈ తేడా వేరుగా ఉంటుంది.

అందుచేత మీ సంవత్సరపు బోర్డు పాఠ్యప్రణాళికను, నీట్ ప్రకటనలో ఇచ్చిన పాఠ్యప్రణాళికను పక్కపక్కన పెట్టుకుని, అధ్యాయాలను మూడు జాబితాలుగా రాసుకోండి. రెండింటికీ పనికివచ్చేవి ఒకటి, బోర్డుకు మాత్రమే కావలసినవి రెండు, నీట్‌కు మాత్రమే కావలసినవి మూడు. ఇది ఒక్క సాయంత్రం పని. మొదటి జాబితాయే అన్నిటికన్నా పొడవుగా ఉండటం చూసి మీ భయం సగం తగ్గుతుంది.

ఒకే పాఠం, రెండు పరీక్షలకు

మొదటి జాబితాలోని పాఠాన్ని రెండు సార్లు చదవనక్కరలేదు. ఒకేసారి రెండు విధాల చదవాలి. మానవ ప్రత్యుత్పత్తి వ్యవస్థ అనే అధ్యాయం తీసుకుందాం. పురుష ప్రత్యుత్పత్తి వ్యవస్థను పటం సహాయంతో వర్ణించమని బోర్డులో అడుగుతారు. ఉదయం ఆ పాఠం చదివారు. సాయంత్రం పుస్తకం మూసి, ముష్కంలో పుట్టిన శుక్రకణం బయటికి వచ్చే దారిని తెల్లకాగితం మీద మీ అంతట మీరే రాయాలి. శుక్రోత్పాదక నాళికలు, అక్కడి నుంచి రీటె టెస్టిస్, ఆ తరువాత వాసా ఎఫరెన్షియా, ఎపిడిడిమిస్, శుక్రవాహిక, స్ఖలన నాళం, చివరకు ప్రసేకం. బొమ్మ కూడా గీయాలి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోవాలి.

ఆ తరువాత అదే అధ్యాయం మీద 45 ప్రశ్నలు తీసుకుని, గడియారం ఎదురుగా పెట్టుకుని 45 నిమిషాల్లో ముగించాలి. నీట్‌లో ఇదే వరుసను నాలుగు రకాలుగా తారుమారు చేసి సరైనది ఏదని అడుగుతారు. పుస్తకం మూసి రాసినవానికి అది పది సెకన్ల ప్రశ్న. పుస్తకం చూస్తూ గీతలు గీసుకున్నవానికి నాలుగు జవాబులూ సరైనవిగానే కనిపిస్తాయి. కంటికి పరిచయం ఉండటం వేరు, గుర్తు తెచ్చుకోగలగడం వేరు. బోర్డు కోసం రాసిన జవాబు నీట్‌కు కూడా పనికివస్తుందని చెప్పడం ఇందుకే.

కాని ఈ పద్ధతి పనిచేయాలంటే ఒక షరతు ఉంది. ఆ రాత్రి నిద్రపోవాలి.

నిద్రలో జరిగే పని

పగలు చదివినది మొదట మెదడులో హిప్పోకాంపస్ అనే చిన్న భాగంలో తాత్కాలికంగా నిలుస్తుంది. రాత్రి గాఢనిద్రలో మెదడు దానిని మళ్లీ నెమరువేసి, పై పొరలలో స్థిరంగా నాటుకుంటుంది. ఆ పని మేలుకుని ఉండగా సరిగా జరగదు. ఈ పని ఒకే విడతలో ముగిసేది కాదు. రాత్రి తొలి భాగంలో గాఢనిద్ర ఎక్కువ. తెల్లవారుజామున కలలు వచ్చే నిద్ర ఎక్కువ. ఆలస్యంగా పడుకుని పెందరాళే లేస్తే ఈ క్రమం సగంలో తెగిపోతుంది. నాలుగు గంటలు పడుకుని పన్నెండు గంటలు చదివే విద్యార్థి, తూట్లు పడిన బిందెలో నీళ్లు పోస్తున్నవానితో సమానం.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్రా వైద్య నిపుణులు చెబుతారు. పరీక్ష ఏడాదిలో పది గంటలు కుదరదని నాకూ తెలుసు. ఎనిమిదికి దగ్గరగా ఉంచుకోండి. ఏడుకు మాత్రం తగ్గనివ్వకండి.

నిద్ర చాలడం లేదని ఎలా తెలుస్తుంది? బస్సులో కూర్చోగానే కునుకు పట్టడం, ఆదివారం మామూలుకన్నా రెండు మూడు గంటలు ఎక్కువ పడుకోవడం, ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదవవలసిరావడం, చిన్న మాటకు కంట నీరు తిరగడం - ఇవి గుర్తులు. వీటన్నిటికన్నా నమ్మదగిన గుర్తు ఒకటి పరీక్ష కాగితంలోనే ఉంటుంది. అది ఎలాగో ఒక అమ్మాయి విషయంలో చూద్దాం.

ఒక అమ్మాయి సంగతి

2024 దీపావళి సెలవులకు హాస్టలు నుంచి ఇంటికి వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయిని తండ్రి నా దగ్గరకు తీసుకువచ్చాడు. ఆయన మూడెకరాల రైతు. అమ్మాయి పదవ తరగతిలో మండలం మొత్తానికి పేరు తెచ్చుకున్న పిల్ల. ఇప్పుడు వారంవారం పెట్టే నమూనా పరీక్షల్లో మార్కులు తగ్గుతూ వస్తున్నాయి. సాయంత్రమయ్యేసరికి తలనొప్పి. మెట్లు ఎక్కితే ఆయాసం. “మా పిల్లకు మెదడు మొద్దుబారిందా సార్?” అని తండ్రి అడిగాడు. పిల్ల తల వంచుకుని కూర్చుంది.

దినచర్య అడిగాను. హాస్టలులో గంట కొట్టేది ఉదయం 5కు. తరగతులు, చదువు గంటలు కలిసి రాత్రి పదిన్నర వరకు. ఆ తరువాత ఆమె సొంతంగా ఒంటిగంట దాకా చదువుతోంది. నిద్ర 4 గంటలు. ఉదయం టిఫిను తినదు. రోజుకు నాలుగు టీలు, చివరిది రాత్రి 11కు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువ. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 గ్రాములు. ఈ వయసు ఆడపిల్లకు 12 గ్రాములకు తక్కువైతే రక్తహీనతే. కంటి పరీక్షలో దూరపు చూపు కొంచెం తగ్గినట్లు తేలింది. తరగతిలో బోర్డు మీది అక్షరాల కోసం కళ్లు చికిలించి చూడటం సాయంత్రపు తలనొప్పికి ఒక కారణం.

తరువాత ఆమె చివరి నమూనా నీట్ జవాబు పత్రం తెప్పించి, తప్పులన్నీ ఆమె చేతనే విడదీయించాను. 180 ప్రశ్నలలో 178కి జవాబు పెట్టింది. 112 సరైనవి, 66 తప్పులు. 448 మార్కుల నుంచి 66 పోగా మిగిలినవి 382. ఇక ఆ 66 తప్పుల లెక్క చూడండి. నిజంగా తెలియనివి 24. “సరికాని వాక్యం ఏది” అని అడిగితే సరైన వాక్యం గుర్తించడం వంటి చదువుటలో పొరపాట్లు 19. కూడికలు, దశాంశ బిందువుల పొరపాట్లు 14. జవాబు తెలిసి కూడా పక్క వృత్తం నింపినవి 9.

అంటే తెలియక పోయినవి 24 అయితే, తెలిసి పోయినవి 42. తెలిసిన ప్రశ్న తప్పితే రావలసిన 4 రాకపోవడమే కాదు, ఉన్నదానిలో 1 పోతుంది. ఒక్కొక్కటికి 5 చొప్పున 42 ప్రశ్నలకు 210 మార్కులు. ఆమెకు చదువు తక్కువై పోయిన మార్కులు కావవి. అలసటతో పోయినవి. ఆ కాగితం చూసి తండ్రితో చెప్పాను - “మెదడు మొద్దుబారలేదయ్యా, దానికి నిద్రా రక్తమూ చాలడం లేదు” అని.

చికిత్స పెద్దదేమీ కాదు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు మూడు నెలలకు రాశాను. నులిపురుగుల మాత్ర ఒకటి ఇచ్చాను. నెలసరి సంగతి స్త్రీల డాక్టరుకు చూపించాం. కళ్లద్దాలు పెట్టించాం. ఇనుము మాత్రలు వేసుకునేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. టీ, కాఫీలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు కనుక మాత్రకు, భోజనానికి ఒక గంట అటూ ఇటూ వాటిని తాగకూడదు. నిమ్మరసం, జామకాయ, ఉసిరి వంటివి ఇనుము బాగా పట్టేటట్లు చేస్తాయి. మాత్రలతో మలం నల్లగా వస్తుంది, భయపడనక్కరలేదు. నెల తరువాత మళ్లీ రక్తం చూసినప్పుడు కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే మాత్రలు సరిగా వేసుకోవడం లేదేమో, లేక వేరే కారణం ఉన్నదేమో చూడాలి.

కష్టమైన భాగం నిద్ర. తండ్రి కాలేజీకి వెళ్లి, నా చీటీ చూపించి, రాత్రి చదువు గంట నుంచి అమ్మాయిని 10కే వదిలేటట్లు ఒప్పించాడు. లేవడం ఐదున్నరకు. ఏడున్నర గంటలు రాత్రి నిద్ర, మధ్యాహ్నం భోజనం తరువాత 20 నిమిషాల కునుకు. సాయంత్రం 4 తరువాత టీ లేదు. టీలోని కెఫీన్ తాగిన ఐదారు గంటలకు కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. రాత్రి 11కు తాగిన టీ తెల్లవారుజాము 4 దాకా నిద్రను పలచన చేస్తుంది.

“మూడు గంటల చదువు పోతుంది సార్” అని అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ మూడు గంటల్లో ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే, పగలు రాసుకున్న నోట్సునే మళ్లీ అందంగా ఎత్తి రాస్తున్నానంది. ఆ పని మానేయమన్నాను. దానికి బదులు తప్పుల నోటుపుస్తకం ఒకటి పెట్టించాను. ప్రతి ఆదివారం నమూనా పరీక్ష అయ్యాక తప్పులను పైన చెప్పినట్లు నాలుగు గుంపులుగా విడదీయాలి. తెలియని గుంపు పెరిగితే చదువు పెంచాలి. మిగతా మూడు గుంపులు పెరిగితే నిద్ర పెంచాలి. తల్లిదండ్రులు కూడా పిల్లలను “ఎన్ని మార్కులు?” అని అడిగే బదులు “ఏ గుంపులో ఎన్ని?” అని అడగడం మేలు.

ఆరు వారాల తరువాత వచ్చిన లెక్క ఇది. 172 ప్రశ్నలకు జవాబు పెట్టింది. 131 సరైనవి, 41 తప్పులు, మార్కులు 483. తప్పుల్లో తెలియనివి 22. అది పెద్దగా మారలేదు. అలసట తప్పులు మాత్రం 42 నుంచి 19కి దిగాయి. హిమోగ్లోబిన్ 10.9. తలనొప్పి లేదు.

డిసెంబరు నుంచి మార్చి దాకా

ఇక కాలాన్ని ఎలా పంచుకోవాలో చూద్దాం. తెలంగాణలో 2025 లెక్క తీసుకుంటే ప్రయోగ పరీక్షలు ఫిబ్రవరి 3 నుంచి 22 వరకు, రాత పరీక్షలు మార్చి 5 నుంచి 25 వరకు, నీట్ మే 4న జరిగాయి. తేదీలు ఏటా కొద్దిగా అటూ ఇటూ అవుతాయి గాని, ఈ వరుస ఇదే.

డిసెంబరు ఆఖరుకు పాఠాలు పూర్తి కావాలి. అంతవరకు పైన చెప్పిన పద్ధతి, అంటే ఉదయం చదవడం, సాయంత్రం మూసి రాయడం, వెంటనే 45 ప్రశ్నలు. సంక్రాంతి వెళ్లాక బరువు బోర్డు వైపు మొగ్గాలి. రికార్డులు, ప్రయోగాలు, పెద్ద జవాబులు, రెండవ జాబితాలోని అధ్యాయాలు అప్పుడు. కాని నీట్ పూర్తిగా మూసివేయవద్దు. జీవశాస్త్రం బోర్డు చదువుతోనే తడుస్తూ ఉంటుంది. భౌతికశాస్త్రం లెక్కలు మాత్రం చెయ్యి ఆపితే మందగిస్తాయి. కనుక రోజుకు ఒక గంట భౌతికశాస్త్రం లెక్కలు మార్చి మొదటి వారం దాకా సాగనివ్వండి. రాత పరీక్షలు మొదలైన రోజు నుంచి బోర్డు తప్ప మరేదీ వద్దు.

బోర్డు పరీక్షలు ఉదయం కాబట్టి ఆ రోజుల్లో పది గంటలకల్లా పడుకుని ఆరు లోపల లేవడం మంచిది. లేచిన వెంటనే మెదడు మొద్దుగా ఉంటుంది. చురుకు రావడానికి గంట పైనే పడుతుంది. ఏడున్నరకు ఇడ్లీయో ఉప్మాయో ఒక గుడ్డో తిని వెళ్లాలి. పరగడుపున టీ తాగి పరీక్షకు వెళ్తే పదకొండు గంటలకు చేతులు వణకడం, కళ్లు తిరగడం సహజం.

ఆ 39 రోజులు

2025లో మార్చి 25కు, మే 4కు మధ్య ఉన్నవి 39 రోజులు. ఈ కాలంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటి ఉంది. బోర్డు అయిపోయిందన్న ఊరటతో రాత్రి రెండింటి దాకా చదివి, పగలు పదింటికి లేచి, మధ్యాహ్నం భోజనం చేసి రెండు గంటల సేపు పడుకుంటారు. నెల రోజులు అలా గడిపాక ఒంటికి అదే అలవాటవుతుంది. సరిగ్గా ఏ వేళకు కునుకు అలవాటు చేశారో ఆ వేళకే, మధ్యాహ్నం 2కు, నీట్ మొదలవుతుంది.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఎవరికైనా చురుకుదనం కొంత తగ్గుతుంది. అది భోజనం వల్ల మాత్రమే కాదు, శరీరంలోని గడియారమే అలా ఉంటుంది. భారీగా అన్నం తింటే అది రెట్టింపవుతుంది. కనుక బోర్డు పరీక్షలు అయ్యాక రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి తీసుకుని, మూడవ రోజు నుంచి శరీరాన్ని మధ్యాహ్నానికి మళ్లించాలి. రాత్రి పదిన్నరకు పడుకుని ఆరున్నరకు లేవడం. మధ్యాహ్నపు కునుకు మెల్లగా తగ్గించి ఏప్రిల్ పదికల్లా మానివేయడం. ప్రతిరోజూ 2 నుంచి 5 వరకు కుర్చీలో కూర్చుని ప్రశ్నలు చేయడం. వారానికి రెండు సార్లు పూర్తి నమూనా పరీక్ష ఆ వేళకే రాయడం. కోచింగు సెంటరులో నమూనా పరీక్ష ఉదయం పెడితే ఇంటి దగ్గర మరొకటి మధ్యాహ్నం పెట్టుకోండి.

180 నిమిషాలను పంచుకోవడం కూడా అప్పుడే అలవాటు కావాలి. జీవశాస్త్రం 90 ప్రశ్నలు 50 నిమిషాల్లో, రసాయనశాస్త్రం 50 నిమిషాల్లో, భౌతికశాస్త్రం 65 నిమిషాల్లో ముగిస్తే, వదిలిన ప్రశ్నలు, నింపిన వృత్తాలు సరిచూసుకోవడానికి 15 నిమిషాలు మిగులుతాయి. ఇది అందరికీ సరిపోవాలని లేదు. మీ లెక్క మీ నమూనా పరీక్షలే చెబుతాయి.

మూడవ జాబితా, అంటే మొదటి సంవత్సరంలో వదిలేసిన పాఠాలు, ఈ 39 రోజుల్లో ఉదయం పూట చూసుకోవాలి. ఇంకో సంగతి. వ్యవసాయ, ఫార్మసీ కోర్సులకు తెలంగాణ ఎప్‌సెట్ 2025లో ఏప్రిల్ 29, 30 తేదీల్లో జరిగింది. నీట్‌కు నాలుగైదు రోజుల ముందు అదెందుకని మానుకోవద్దు. అదే పాఠాల మీద మరో నమూనా పరీక్ష అనుకుని రాయండి.

నీట్ రోజు

పరీక్షా కేంద్రం తలుపులు ఒకటిన్నరకు మూసేస్తారు. తనిఖీకి ముందుగా చేరాలి గనుక ఆ రోజు మామూలు వేళకు భోజనం కుదరదు. పదిన్నర, పదకొండు మధ్య పెరుగన్నమో పప్పన్నమో కొద్దిగా తినండి. ముందు రోజు కూడా కొత్త తిండి, హోటలు తిండి వద్దు. మే నెల ఎండలో దారి కాసే కేంద్రాల ముందు గంటసేపు నిలబడవలసి రావచ్చు. ఉదయం నుంచి మజ్జిగ, నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. గేటు దగ్గర ఒక్కసారిగా లీటరు తాగితే పరీక్షలో లేచి వెళ్లవలసి వస్తుంది. పారదర్శకమైన సీసాలో నీళ్లు తీసుకుపోనిస్తారు. మధుమేహం ఉన్న పిల్లలకు చక్కెర మాత్రలు, పండ్లు అనుమతిస్తారు. ఆ నిబంధనలు హాల్‌టిక్కెట్టుతో పాటు చదువుకోండి.

ముందు రోజు రాత్రి నిద్ర పట్టకపోతే కంగారు పడకండి. వారమంతా సరిగా నిద్రపోయినవారికి ఒక్క రాత్రి తగ్గితే పెద్ద నష్టం లేదు. నిద్రమాత్ర మాత్రం వద్దు, దాని మత్తు మర్నాడు మధ్యాహ్నం దాకా ఉండవచ్చు. వణుకు తగ్గుతుందని స్నేహితులిచ్చే మాత్రలు కూడా వద్దు. వాటిలో ఒక రకం ఉబ్బసం ఉన్నవారికి ప్రాణం మీదికి తెస్తుంది.

అమ్మాయి ఏమైందని మీరు అడుగుతారు. బోర్డులో మంచి మార్కులతో పాసయింది. 2025 నీట్‌లో వచ్చిన మార్కులు ప్రభుత్వ ఎం.బి.బి.ఎస్. సీటుకు కొద్దిలో అందలేదు. ఎప్‌సెట్ ర్యాంకుతో వ్యవసాయ బి.ఎస్సీ.లో చేరింది. మూడెకరాల రైతు బిడ్డకు అది పరాయి చదువేమీ కాదు. ఇంగ్లీషును, ఎప్‌సెట్‌ను వదిలేసి ఉంటే ఆ దారి కూడా ఉండేది కాదు.

తల్లిదండ్రులు ఎప్పుడు జాగ్రత్తపడాలి?

మార్కులు తగ్గడం జబ్బు కాదు. కాని రెండు వారాలకు మించి పిల్ల ఎవరితోనూ మాట్లాడకపోవడం, ఇష్టమైన తిండి కూడా ముట్టకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, తన వస్తువులు ఇతరులకు పంచిపెట్టడం, “నా వల్ల మీకు బరువు”, “నేను లేకపోతే నయం” అనడం - వీటిలో ఏది కనిపించినా దానిని పరీక్ష భయమని కొట్టిపారేయకండి. హాస్టలులో ఉన్న పిల్లయితే ఆ వారమే వెళ్లి చూడండి. అవసరమైతే ఇంటికి తీసుకురండి. చనిపోవాలనిపిస్తున్నదా అని పిల్లను నేరుగా అడగవచ్చు. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. చాలామంది అడిగినందుకే నోరు విప్పుతారు. అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు మానసిక వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు పిల్లల పుస్తకం అట్ట లోపల ఇవాళే రాసిపెట్టండి.